భోజనాల దగ్గర సైన్స్ కార్డులు: ఎక్కడ తడబడుతున్నారు, కార్డులో ఏం మార్చాలి

మా అమ్మాయి ఐదో తరగతి. ఆహారం ఎలా అరుగుతుందో చెప్పే పాఠం నుంచి ప్రశ్నలు రాసుకుని, రాత్రి భోజనాల దగ్గర నోటితో అడగడం మొదలుపెట్టాను. కార్డుల కోసం పాత శుభలేఖలు కత్తిరించాను. వాటి అట్ట గట్టిగా ఉంటుంది, తడి చెయ్యి తగిలినా వెంటనే నానిపోదు. ఒక వైపు ప్రశ్న, రెండో వైపు జవాబు. తడబాటు వచ్చిన ప్రతిసారీ ముందు పిల్లనే అనుమానించాను. చాలాసార్లు తప్పు నేను రాసిన కార్డులోనే ఉంది.

సమస్య: పుస్తకంలో ఉన్నట్టే అడిగితే టకటకా చెబుతుంది, మాట మారిస్తే నోరు మెదపదు

నా మొదటి కార్డు ఇది: "లాలాజలం ఏ గ్రంథుల నుంచి వస్తుంది?" వెనక జవాబు: "లాలాజల గ్రంథుల నుంచి." జవాబు ప్రశ్నలోనే ఉందని రాసేటప్పుడు నాకు తట్టలేదు. పుస్తకం ముందు పెట్టుకుని, వాక్యంలో ఒక మాట తీసేసి ప్రశ్నార్థకం పెడితే కార్డులు ఇలాగే తయారవుతాయి. పిల్లకు వాక్యం గుర్తుంటే చాలు, విషయం తెలియక్కర్లేదు.

మీ కార్డూ ఇలాంటిదేనా అని చూసుకోవడం తేలిక. ప్రశ్న సగం చదివి ఆపండి. మిగతా సగం వినకుండానే జవాబు వచ్చేస్తే, పిల్ల శబ్దాన్ని గుర్తుపడుతోందన్నమాట.

పాఠం ఒకసారి చదివి, పుస్తకం మూసేసి, కంచం వైపు చూస్తూ కార్డు రాయండి. పై కార్డు చింపేసి నేను ఇలా రాశాను: "ఏమీ కలపని అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలితే రుచి ఎలా మారుతుంది? ఎందుకు?"

ఈ కార్డును పప్పు వడ్డించక ముందే అడగాలి. కూరో చారో కలిపితే ఆ రుచిలో అసలు మార్పు తెలియదు. మా అమ్మాయి కళ్లు మూసుకుని నమిలింది. కాసేపు "ఏం లేదమ్మా" అంది. మింగకుండా ఇంకో నిమిషం నమలమన్నాను. అప్పుడు కళ్లు తెరిచి, "కొంచెం తియ్యగా ఉంది" అంది. అన్నంలో ఉన్న పిండిపదార్థాన్ని లాలాజలం చక్కెరగా మార్చడం మొదలుపెడుతుంది, ఆ తీపి దానిదే. తీపి చాలా స్వల్పంగా ఉంటుంది, కొందరికి తెలియదు కూడా. తెలియలేదంటే అది తప్పు జవాబు కాదు, మరోసారి ఇంకాస్త ఎక్కువసేపు నమలమనండి.

మర్నాడు అదే విషయాన్ని తిప్పి అడిగాను: "అన్నం అరగడం పొట్టలోనే మొదలవుతుందా?" "కాదు, నోట్లోనే, నిన్న తియ్యగా అయింది కదా" అంది. ఆ మాట పుస్తకంలోది కాదు.

సమస్య: మొదటి అక్షరం అందిస్తేనే జవాబు వస్తుంది

మా అత్తయ్యగారికి మనవరాలు తడుముకుంటే మనసు ఊరుకోదు. పక్క నుంచి "లా... లా..." అంటారు. వెంటనే "లాలాజలం!" అని అరుస్తుంది పిల్ల. ఆ కార్డు వచ్చినట్టే అనుకున్నాను. మూడోరోజు అత్తయ్యగారు ఊరెళ్లారు, జవాబు రాలేదు.

మనం ఆగలేకపోవడమే దీనికి కారణం. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు ప్రాథమిక తరగతుల సైన్స్ పాఠాలు గమనించి, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని 1970ల్లో చూపించారు. మూడు సెకన్లు, ఆపైన ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, "తెలియదు" అనడం తగ్గింది. ఇంట్లో నేను మనసులో ఐదు లెక్కపెట్టుకుంటాను. అప్పటికీ రాకపోతే అక్షరం ఇవ్వను, వస్తువును చూపిస్తాను: "నిమ్మకాయ పచ్చడి చూడగానే నోట్లో ఏం ఊరుతుంది?" అత్తయ్యగారికి కూడా పని అప్పజెప్పాను. ఇప్పుడు కార్డు చదివేది ఆవిడే, వెనక ఉన్న జవాబు చూసేదీ ఆవిడే. చేతిలో కార్డు ఉన్నప్పటి నుంచి అందించడం మానేశారు.

సమస్య: కార్డు మీది జవాబు, పిల్ల చెప్పే జవాబు కలవవు

"నోట్లో ఎన్ని పళ్లుంటాయి?" అని అడిగి 32 అని రాసుకున్నాను. మా అమ్మాయి వేలు పెట్టి లెక్కపెట్టుకుని 24 అంది. తప్పన్నాను. అద్దం దగ్గరకు పరిగెత్తి మళ్లీ లెక్కపెట్టింది, మళ్లీ 24. ఆ రాత్రి నేను చాలా నొచ్చుకున్నాను, ఎందుకంటే తను చెప్పిందే నిజం.

32 పెద్దవాళ్ల లెక్క, అదీ జ్ఞానదంతాలు నాలుగూ వస్తేనే. పాలపళ్లు మొత్తం 20. ఆరేళ్ల ప్రాంతంలో వాటి వెనక నాలుగు చర్వణకాలు, అంటే నమిలే పళ్లు, వస్తాయి, అక్కడికి 24. పైగా పాలపళ్లలో కోరపళ్లకూ చర్వణకాలకూ మధ్య ఉండే అగ్రచర్వణకాలు ఉండవు, పదేళ్లు దాటుతుండగా పాల చర్వణకాలు ఊడి ఆ చోట వస్తాయి. పాఠంలో నాలుగు రకాల పళ్ల బొమ్మ చూసి, తన నోట్లో ఒక రకం కనపడక పిల్ల తికమకపడితే అది సహజం.

కాబట్టి అంకె ఉన్న ప్రతి కార్డులోనూ ఎవరికి, ఎప్పుడు అన్నది ప్రశ్నలోనే రాయండి: "పాలపళ్లు ఎన్ని?", "పెద్దవాళ్లకు ఎన్ని దాకా ఉండొచ్చు?", "ఇప్పుడు నీకు ఎన్ని?" మూడో కార్డు వెనక జవాబు పెన్సిల్‌తో రాశాను. పన్ను ఊడినప్పుడల్లా చెరిపి మారుస్తాం.

పేర్ల దగ్గరా ఇదే గొడవ వస్తుంది. పిల్ల "నమిలే పళ్లు" అంటుంది, కార్డు మీద "చర్వణకాలు" అని ఉంటుంది, ఇంగ్లీషు మీడియం అయితే "మోలార్స్" అంటుంది. మూడూ కార్డు వెనక రాసుకుని ఏది చెప్పినా ఒప్పుకోండి. పుస్తకం పేరు కావాలంటే దానికి వేరే కార్డు పెట్టండి.

సమస్య: అన్నం చల్లారిపోతుంది, లేదా పొలమారుతుంది

ముద్ద నోట్లో ఉండగా ప్రశ్న వేయకండి. జవాబు చెప్పే తొందరలో మెతుకు శ్వాసనాళం వైపు వెళ్లబోతే పొలమారుతుంది. చిన్నపిల్లలకు అది ప్రమాదం కూడా. మా ఇంట్లో అలా ఒకసారి జరిగింది. నెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారన్నారు అత్తయ్యగారు. పిల్ల కుదుటపడ్డాక ఒక ప్రశ్న దొరికింది: "పొలమారినప్పుడు అన్నం ఎటు వెళ్లబోయింది? మామూలుగా దాన్ని ఆపేది ఏది?" గాలి గొట్టం వైపు వెళ్లబోయింది, మింగేటప్పుడు దాని మీద మూతలా వాలే ఉపజిహ్విక ఆపుతుంది.

రుచి చూసే కార్డు తప్ప మిగతావన్నీ ఇప్పుడు మొదటి వడ్డన అయ్యాక, పెరుగు వేసే లోపల అడుగుతున్నాం. రాత్రికి ఐదు కార్డులు, అంతే. పన్నెండు అడిగిన రోజుల్లో చివరి నాలుగైదింటికి ఏదో ఒకటి అనేసి లేచిపోయేది.

సమస్య: వచ్చిన కార్డే వారం తర్వాత రాదు

వరసగా నాలుగు రాత్రులు అడిగి, వచ్చేసిందని పక్కన పెట్టేయడం వల్ల ఇలా అవుతుంది. మూడు రబ్బరు బ్యాండ్లు తీసుకుని కార్డులు మూడు కట్టలు కట్టండి. మొదటిది రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి. సరిగ్గా చెప్పిన కార్డు తర్వాతి కట్టలోకి, తప్పు చెప్పినది మళ్లీ మొదటి కట్టలోకి వెళ్తుంది. వంతుకు వచ్చిన పాత కార్డులు కూడా ఆ ఐదు లెక్కలోవే. అన్నం తీపి కార్డు మా ఇంట్లో మూడో కట్టలో ఉంది. చిన్నపేగు, పెద్దపేగు పనుల కార్డు మాత్రం ఇప్పటికి మూడుసార్లు మొదటి కట్టకు తిరిగొచ్చింది. దాన్ని రెండు కార్డులుగా విడదీసి రాయాలి.