దుక్కిలో వెనుక టైరు జారుతోందా? బరువు కట్టకముందే గాలి చూడండి

యాసంగి వడ్లు మిర్యాలగూడ మిల్లులకు తోలినన్ని రోజులు ట్రాక్టర్ ఏ పేచీ పెట్టదు. ట్రాలీ విప్పి కల్టివేటర్ తగిలించి చెలకలో దించగానే వెనుక టైర్లు ఉన్నచోటే జారుతూ తిరుగుతాయి. డీజిల్ ఖర్చవుతుంది, సాలు మాత్రం ముందుకు పోదు. "టైర్లల్ల నీళ్లు నింపినం గదన్నా, ఇంకా బరువు కట్టాల్నా?" అని నాకు ఫోన్లు మొదలవుతాయి. గాలి చూశారా అంటే పదిమందిలో తొమ్మిదిమంది చూడలేదనే అంటారు.

ట్రాలీ లోడుకు వెనుక టైర్లలో 18-20 పాయింట్ల గాలి ఉండాలి. మెత్తటి దుక్కికి 12-14 చాలు. గాలి ఎక్కువైతే టైరు మధ్యలో ఉబ్బి, నేలను నడుమ పట్టీతోనే తాకుతుంది. బండి దిగి జాడ చూడండి. గుబ్బల అచ్చు అంచుల దాకా పడకపోతే గాలి ఎక్కువున్నట్టే. పంక్చర్ షాపుల్లో చాలావరకు లారీలకు వాడే గేజీ ఉంటుంది. 12 దగ్గర దాని ముల్లు సరిగ్గా కదలదు. తక్కువ గాలి చూపే గేజీ ఒకటి కొని టూల్ బాక్సులో పెట్టుకోండి.

ఇంతవరకు తేలికే. నన్ను దెబ్బతీసింది వేరే ఉంది. హాలియా వైపు ఒక రైతు బండికి గాలి 13 ఉంది, పొద్దున్నే కొలిచాడు. మొదటి గంట బాగా దున్నింది, ఎండెక్కాక జారడం మొదలైంది. నేను నమ్మకంగా చక్రాలకు ఇనుప బరువులు కట్టించాను. అవి మోయించడమే తప్ప పెద్దగా తేడా రాలేదు. రెండోరోజు మధ్యాహ్నం వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పి గాలి కొలిస్తే 18 చూపించింది. పిన్ను నొక్కితే గాలి రాలేదు, నీళ్లు ధారగా వచ్చి చొక్కా తడిసింది. టైరు నిండా నీళ్లే!

నీళ్లు పోసేటప్పుడు వాల్వు పైన ఉంచి, ఆ మట్టం వరకే నింపాలి. అప్పుడు ముప్పాతిక భాగం నీళ్లు, పైన పావు భాగం గాలి ఉంటుంది. ఈ బండికి బోరు మోటారు పైపు నేరుగా బిగించారు. లోపలి గాలి బయటకు పోయే దారి లేదు. మోటారు ఒత్తిడికి గాలి నలిగి, ఆ చోటు నీళ్లు ఆక్రమించాయి. ఎండకు నీళ్లు వ్యాకోచిస్తాయి, నీళ్లు నలగవు కాబట్టి మిగిలిన కొంచెం గాలి మీదే ఒత్తిడంతా పడుతుంది. పొద్దున 13 ఉన్నది మధ్యాహ్నానికి 18 అయ్యేది ఇలాగే. గాలి చోటు సరిగ్గా ఉన్న టైర్లో పెరుగుదల ఇంకా చాలా తక్కువ.

మందు సులువే. ఇంకో చక్రం కింద రాళ్లు పెట్టి, జాకీతో వెనుక చక్రం లేపండి. వాల్వు పైకి తిప్పి పిన్ను తీసేయండి. నీళ్లు కారడం ఆగేదాకా ఓపికగా ఆగండి. పిన్ను బిగించి గాలి పెట్టి, చక్రం దించాక మళ్లీ 13కు సరిచేయండి. గేజీ పెట్టేటప్పుడు వాల్వు పైనే ఉండాలి. కిందుంటే నీళ్ల ఎత్తుకు ఒకటి ఒకటిన్నర పాయింటు ఎక్కువ చూపడమే కాదు, గేజీలోకి నీళ్లు పోయి అది తుప్పు పడుతుంది.

బాగైందో లేదో కంటితో అంచనా వేయకండి. టైరు మీద సుద్దతో గీత గీసి, కల్టివేటర్ ఎత్తి పది చుట్లు నడిపిస్తే ఆ బండి 41 మీటర్లు పోయింది. దుక్కిలో అదే పది చుట్లకు మొదట 32 మీటర్లే, అంటే 22 శాతం జారుడు. నీళ్లు తగ్గించాక 36 మీటర్లు, 12 శాతం. 10-15 మధ్య ఉంటే ఇంకేమీ ముట్టుకోనక్కర్లేదు. అప్పటికీ ఎక్కువుంటేనే ఇనుప బరువుల మాట.

గుబ్బలు అరిగిపోతే టైరు మార్చాల్సిందే. కల్టివేటర్ ఎత్తితే ముందు చక్రాలు తేలిపోతే బండి ముందు భాగంలో బరువులు పెట్టండి. క్లచ్ జారితే ఇంజిను మోత పెరిగి చక్రం తిరగదు, దాన్ని దీనితో కలపొద్దు.

రోడ్డెక్కే ముందు మళ్లీ 18-20కి తేవడం మరవకండి. 12తో లోడు ట్రాలీ లాగితే టైరు రిమ్ము మీద జరుగుతుంది, వాల్వు మెడ తెగి ట్యూబు పోతుంది. నీళ్ల టైరు రోడ్డు మధ్యలో విప్పడం ఎంత పనో చేసినవాళ్లకు తెలుసు. కరిగెటకు కేజ్ వీల్స్ కడితే మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ బరువే దిగబడేలా చేస్తుంది, నీళ్లు పూర్తిగా తీసేయండి.