పవర్ బ్యాంకుల స్క్రీన్‌షాట్లను ఒకే పట్టికలో పోల్చిన విధానం

వేర్వేరు దుకాణాల పేజీల నుంచి తీసిన స్క్రీన్‌షాట్లను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, 20000 mAh అని రాసినది 12500 mAh అని రాసినదానికంటే చాలా పెద్దదిగా కనిపించింది. అయితే మొదటి అంకె లోపలి సెల్ సామర్థ్యాన్ని 3.7 V వద్ద చెబుతుండగా, రెండవది బయటకు వచ్చే విద్యుత్తును 5 V వద్ద చెబుతోంది. అందువల్ల mAh, V విలువలను వేర్వేరు నిలువు వరుసలలో (B, C) ఉంచి, శక్తిని Wh లో లెక్కించాను.

```
=B2*C2/1000
```

మొదటిదానికి 74 Wh, రెండవదానికి 62.5 Wh వచ్చాయి. ఇక్కడితో ఆగితే పోలిక ఇంకా తప్పే, ఎందుకంటే 3.7 V నుంచి 5 V కు మార్చేటప్పుడు కొంత శక్తి వేడిగా పోతుంది. ఆ నష్టం 15 శాతం అనుకుంటే మొదటిది ఇచ్చేది దాదాపు 63 Wh, అంటే రెండూ ఇంచుమించు సమానం. కాబట్టి "సెల్", "అవుట్‌పుట్" అని రాసే మరో నిలువు వరుస చేర్చాను. వోల్టేజీ చెప్పని మూడవ పేజీకి ఊహించి నింపకుండా ఆ గడిని ఖాళీగానే వదిలాను.

ధర విషయంలో, స్క్రీన్‌షాట్‌లో ఏ రకం ఎంపికై ఉందో కూడా కనిపించాలి. ఒకే పేజీలో 10000, 20000 రకాలు రెండూ ఉంటే పైన చూపే ధర ఎంపిక చేసినదానికే వర్తిస్తుంది. డెలివరీ రుసుము కలిపిన ధరను అవుట్‌పుట్ Wh తో భాగించి, పక్కన స్క్రీన్‌షాట్ ఫైలు పేరునూ తేదీనీ రాశాను.