క్యాజువాలిటీ చిట్టీ నుంచి కేస్‌షీట్ దాకా – 3: రెండు పల్స్‌లు, వాటి మధ్య అట్రోపిన్

పోయిన పాఠంలో చిట్టీలోని పొట్టి రాతలను విప్పి రాయడం చూశాం. ఈసారి టైమ్ సంగతి. పత్తికి మందు కొట్టే రోజుల్లో వరంగల్ చుట్టుపక్కల ఏ క్యాజువాలిటీకైనా వచ్చే కేసు ఒకటి తీసుకుందాం. పాఠం కోసం అల్లిన కేసే ఇది. కానీ ఇందులో కనబడే తప్పులన్నీ నేను చేసినవో, పక్కనుండి చూసినవో.

పరకాల వైపు చిన్న ఆసుపత్రి. ఒక రైతును తమ్ముడు ఆటోలో తీసుకొచ్చాడు. నోట్లో నురగ, ఒళ్లంతా చెమట. డ్యూటీ డాక్టర్ ఒక చేత్తో చూస్తూ, గ్లౌజుల డబ్బా అట్ట చింపి దాని మీద ఇలా గీకాడు:

"మగ 40. మందు కొట్టిండు పొద్దున. వాంతి 3. దమ్ము. పల్స్ 52, 96. సాట్ 84, 95. బీపీ 100/60. పాపలు పిన్. షుగర్ 138. బట్టలు తీసి కడిగినం. సక్షన్, ఆక్సిజన్, లైన్. అట్రో 3, 6. 11:50. 12:15."

గంట తర్వాత పేషెంట్‌ను ఎంజీఎంకు పంపాలి. రికార్డు రాసే పని మీది.

ముందుగా ఒక మాట. ఆ అట్టముక్కను పారేయకండి. విషం కేసు అంటే ఎంఎల్‌సీ. రేపు ఎవరైనా అడిగితే, అప్పటికప్పుడు రాసింది అదొక్కటే. కేస్‌షీట్‌కు స్టేపుల్ చేయండి. అట్ట మీద కొత్తగా ఏమీ దిద్దకండి.

ఇక కంప్లెయింట్. "మందు కొట్టిండు" అంటే మన దగ్గర చేనుకు పురుగుమందు కొట్టినట్టూ కావచ్చు, సీసా ఎత్తినట్టూ కావచ్చు. "మందు తాగిండు" అన్నా అంతే, ఏ మందో తెలియదు. ఈ ఒక్క మాటను మీ ఊహతో ఇంగ్లిష్‌లోకి మార్చి రాస్తే కేసే మారిపోతుంది. తమ్ముణ్ని పిలిచి అడగాలి: "చేనుకు కొట్టిండా, తాగిండా? ఎప్పటిసంది కొట్టిండు?" అతను అన్నది: "చేనుకే సార్. పొద్దుగాల చాయ్ తాగి పోయిండు. నేను పదిన్నరకు సద్ది తీస్కపోయేసరికి గట్టు మీద పడివున్నడు." ఇందులో గట్టిగా నిలిచే టైమ్ పదిన్నర ఒక్కటే, అదీ "పడివుండగా చూసిన" టైమ్. పడిపోయిన టైమ్ కాదు. చాయ్ తాగి వెళ్లిన టైమ్‌ను ఏడు గంటలని మీరే తేల్చేయకండి. "పొద్దున, టీ తర్వాత" అనే రాయండి, పక్కన "తమ్ముడు చెప్పిన ప్రకారం" అని చేర్చండి. మందు సీసా తెచ్చివుంటే లేబుల్ మీది పేరు చూసి రాయండి. ఇక్కడ తెచ్చాడు, ప్రొఫెనోఫాస్.

ఇప్పుడు అంకెలు. పల్స్ 52, 96 అని పక్కపక్కనే ఉన్నాయి. చాలామంది "పల్స్ 52–96" అని రాసేస్తారు, అదేదో రేంజ్ అయినట్టు. ఈ మందు ఒంట్లోకి పోతే పల్స్ పడిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరులా ఊరుతుంది. అట్రోపిన్ పడితే పల్స్ లేస్తుంది, ఛాతీ ఆరుతుంది. అంటే 52 జబ్బు చూపిన అంకె, 96 మన ఇంజెక్షన్ చూపిన అంకె. ఎంజీఎంలో తర్వాతి డోసు వేసే డాక్టర్ చూసేది ఛాతీలో గరగర ఉందా, పల్స్ 80 దాటిందా, బీపీ నిలిచిందా అనే. 96 ఎంత అట్రోపిన్ పడ్డాక వచ్చిందో తెలియకపోతే, అక్కడికి వెళ్లేసరికి అది 70కి దిగినా ఆయనకు అర్థమేమీ అందదు.

కాబట్టి టైమ్‌లను కట్టాలి. చిట్టీలో ఉన్నవి రెండే: 11:50, 12:15. ఓపీ చీటీ మీద కంప్యూటర్ ముద్రించింది 11:54. రాకముందే చూశారా? గోడ గడియారం తప్పా? కంప్యూటర్‌తో పోల్చి చూశాం, రెండూ ఒక్కటే. అసలు జరిగింది ఏమిటంటే పేషెంట్‌ను నేరుగా బెడ్ మీద వేశారు, తమ్ముడు చీటీ కోసం తర్వాత వెళ్లాడు. చీటీ మీది టైమ్‌ను "వచ్చిన టైమ్" కింద రాయకూడదని ఇందుకే.

అట్రోపిన్ 3, 6 అంటే ఆంప్యూళ్లు. రికార్డులో ఆంప్యూళ్ల లెక్క చాలదు, మిల్లీగ్రాములు కావాలి. ట్రేలోని ఖాళీ ఆంప్యూల్ తీసి చదివితే 0.6 మి.గ్రా. అంటే మొదటిది 1.8, రెండోది 3.6, మొత్తం 5.4 మి.గ్రా. మన దగ్గర మామూలుగా దొరికేది 0.6దే అయినా, చదవకుండా గుణించకండి.

ఏ టైమ్‌కు వేశారన్నది చిట్టీలో లేదు. ఇక్కడే చెయ్యి జారుతుంది. తగ్గకపోతే ఐదేసి నిమిషాలకు డోసు రెట్టింపు చేయాలని అందరికీ తెలుసు కాబట్టి, 11:55, 12:00, 12:05 అని చకచకా రాసేస్తాం. హౌస్‌సర్జన్‌గా ఒక ఆసుపత్రిలో నేనూ అలాగే రాశాను. నేను రెండో డోసు వేశానని రాసిన నిమిషంలో పేషెంట్ ఎక్స్‌రే రూమ్‌లో ఉన్నట్టు ఆ రిజిస్టర్ చెప్పింది. సీనియర్ ఏమీ అనలేదు, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి వెళ్లిపోయారు. ఈ కేసులో స్టాఫ్ నర్స్‌ను అడిగితే, మొదటిది సక్షన్ కాగానే, 11:55 ప్రాంతంలో అంది. రెండోదానికి డాక్టర్ వాచీ చూసుకున్నాడు, 12:03. మధ్య ఎనిమిది నిమిషాలు. ఉన్నది ఎనిమిదైతే ఎనిమిదే రాయాలి.

ఇలా తేలిన రికార్డు:

> ఆలస్యంగా రాసిన నోట్, 12:50. ఆధారం: చిట్టీ (జతపరిచాం), స్టాఫ్ నర్స్, డ్యూటీ డాక్టర్, తమ్ముడు.
>
> పొద్దున (టీ తర్వాత): పత్తి చేనులో ప్రొఫెనోఫాస్ పిచికారీ. తాగలేదని తమ్ముడి మాట.
> 10:30 సుమారు: గట్టు మీద పడివుండగా తమ్ముడు చూశాడు. 
> 11:50: బెడ్ మీద పరీక్ష. "దమ్ము", పల్స్ 52, ఆక్సిజన్ పెట్టకముందు సాట్ 84, కంటిపాపలు సూదిమొన అంత. శ్వాస రేటు లెక్కించలేదు.
> 11:50–11:55: సక్షన్, ఆక్సిజన్, ఐవీ లైన్.
> 11:55 సుమారు (నర్స్): అట్రోపిన్ 1.8 మి.గ్రా. ఐవీ.
> 12:03 (డాక్టర్): అట్రోపిన్ 3.6 మి.గ్రా. ఐవీ.
> 12:15: పల్స్ 96, ఆక్సిజన్ మీద సాట్ 95.
> టైమ్ తెలియనివి: వాంతులు 3, బీపీ 100/60, షుగర్ 138, బట్టలు తీసి ఒళ్లు కడగడం.

సాట్ 84 పక్కన "ఆక్సిజన్ పెట్టకముందు" అన్న మాట చిట్టీలో లేదు. డాక్టర్‌ను అడిగి రాసిందది. 84 నుంచి 95కు వచ్చిందంటే కొంత ఆక్సిజన్ వల్ల, కొంత ఛాతీ ఆరడం వల్ల కావచ్చు. ఆ మాట లేకపోతే ఇదంతా అట్రోపిన్ పనే అనిపిస్తుంది.

శ్వాస రేటు దగ్గర "18" అని పెట్టేయాలని చెయ్యి దురద పెడుతుంది. దమ్ముతో వచ్చిన మనిషికి 18 ఏమిటి? లెక్కపెట్టలేదంటే పెట్టలేదని రాయండి, వెంటనే వెళ్లి ఒక నిమిషం లెక్కపెట్టి ఇప్పటి టైమ్‌తో కొత్త వరుసగా చేర్చండి. బీపీ కూడా అంతే. 100/60 అట్రోపిన్‌కు ముందుదో తర్వాతదో ఎవరికీ గుర్తులేదు కాబట్టి అది చివరి వరుసలోనే ఉండిపోయింది. పంపేముందు మరోసారి చూసి, టైమ్ వేసి రాయాలి.

రాసింది తప్పైతే ఒక్క గీత కొట్టి, పాతది చదవగలిగేలా ఉంచి, పక్కన సంతకం, తేదీ, టైమ్. వైట్నర్ వద్దు.

వచ్చే పాఠానికి ఈ చిట్టీ పట్టండి. ఏప్రిల్, రామగుండం, మధ్యాహ్నం: "ఆడ 60. ఎండల పడ్డది. టెంప్ 105.2, 101. మాట తడబాటు. పల్స్ 132. తడిబట్ట, ఫ్యాన్, ఐస్. సెలైన్ 2. 2:20. 3." టెంపరేచర్ ఎక్కడ చూశారు, "సెలైన్ 2" అంటే ఎంత, ఐస్ ఎప్పుడు పెట్టారు అని ఎవరెవరిని అడుగుతారో ముందు ఆ జాబితా రాయండి. రికార్డు తర్వాత.