పొలం కొలతలు, 5వ పాఠం: ఏటి ఒడ్డు వంకరగా ఉన్న తోట వైశాల్యం

గత పాఠంలో నాలుగు రాళ్ల మధ్య ఉన్న చేనును కర్ణంతో రెండు త్రిభుజాలుగా విడగొట్టి వైశాల్యం కట్టాం. ఆ పద్ధతి హద్దులన్నీ సూటిగా ఉన్నచోటే పనిచేస్తుంది. కోనసీమలో గౌతమి ఒడ్డున ఉన్న కొబ్బరి తోట అనుకోండి. మూడు వైపులా గట్లు సూటిగానే ఉంటాయి, నాలుగోవైపు ఏరు తనకు నచ్చినట్టు వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపును త్రిభుజాల్లో ఇరికించలేం.

అందుకని తోటను రెండు ముక్కలు చేస్తాం. ఒడ్డుకు దగ్గరగా, తోటలోపలే, ఒక చివరి గట్టు నుంచి ఇంకో చివరి గట్టు దాకా ఒక సూటి గీత వేస్తాం. ఇదే ఆధార రేఖ. దీనికి రోడ్డు వైపున్న ముక్క మామూలు చతుర్భుజం, గత పాఠంలోలాగే కట్టుకోవచ్చు. ఏటి వైపున్న ముక్కే ఈ పాఠం.

కొలతలు తీయడం

మన ఉదాహరణలో ఆధార రేఖ 60 మీటర్లు. మొదటి చివర అ, రెండో చివర ఆ. రెండుచోట్లా జెండా కర్రలు పాతి, మధ్యలో ఇంకొకటి వరసలోకి తెచ్చి, టేపును నేలమీద బిగుతుగా పరవాలి. అ నుంచి ప్రతి 10 మీటర్లకూ ఒక మేకు కొట్టాలి. ప్రతి మేకు దగ్గర నుంచి ఆధార రేఖకు లంబంగా ఒడ్డు అంచు దాకా ఉన్న దూరమే ఆఫ్‌సెట్.

ఇక్కడ "లంబంగా" అన్న మాటకే ఎక్కువ పొరపాట్లు. కంటి అంచనాతో 3 డిగ్రీలు పక్కకు పోవడం చాలా తేలిక. 18 మీటర్ల ఆఫ్‌సెట్‌కు 3 డిగ్రీలంటే ఒడ్డు మీద సుమారు 95 సెంటీమీటర్లు పక్కకు జరిగినట్టు. టేపు పొడవులో వచ్చే తేడా రెండు మూడు సెంటీమీటర్లే కాబట్టి తప్పు జరిగినట్టు తెలియదు. కానీ ఒడ్డు అక్కడ వాలుగా పోతుంటే మీరు కొలిచింది వేరే బిందువు. క్రాస్ స్టాఫ్ ఉంటే సరే. లేకపోతే మేకు దగ్గర 3, 4, 5 మీటర్ల తాడు త్రిభుజంతో లంబం వేసి, ఆ దిశలోనే టేపు లాగండి. ఒడ్డు మీద చెట్టో, కోత మలుపో ఉండి ఆ బిందువునే పట్టుకోవాల్సి వస్తే ఇంకో పద్ధతి ఉంది. టేపు సున్నా చివరను ఆ బిందువు మీద పట్టుకుని, రెండో చివరను ఆధార రేఖ మీద అటూ ఇటూ ఊపాలి. ఎక్కడ అతి తక్కువ కొలత వస్తే అక్కడే లంబపాదం. ఆ కొలతే ఆఫ్‌సెట్, దాని కింద ఆధార రేఖ టేపు మీద చదివిన అంకె దాని చైనేజీ.

టేపు మట్టంగా ఉండాలి. ఒడ్డు కిందికి వాలి ఉంటే నేలను ఆనించి కొలవకండి. వాలు మీద 10 మీటర్లు కొలిచి, ఆ దూరంలో నేల 1.5 మీటర్లు దిగిందంటే అసలు మట్టపు దూరం 9.89 మీటర్లే. దిగుడు ఎక్కువైతే రెండు మూడు మెట్లుగా కొలిచి, ప్రతి మెట్టునూ గుండుతాడుతో కిందికి దించుకోండి.

ఒడ్డు అంచు అంటే ఏదో కూడా మొదలే తేల్చుకోవాలి. నీటి అంచు వేసవికొకచోట, వరదకొకచోట ఉంటుంది, దాన్ని కొలిస్తే ప్రతి నెలా ఒక వైశాల్యం వస్తుంది. నేల విరిగి ఏట్లోకి దిగే పై అంచునే పట్టుకోండి, అన్ని మేకుల దగ్గరా అదే పద్ధతి. పట్టా హద్దు మాత్రం సర్వే శాఖ పొలం కొలతల పుస్తకమైన ఎఫ్ఎంబీలో ఉన్న గీతే. అది దాటి ఉన్నది నది పోరంబోకు కావచ్చు. మనం కట్టేది ఇవాళ నేల మీద ఉన్న తోట విస్తీర్ణం.

లెక్క

కొలతలు ఇలా వచ్చాయనుకుందాం, అన్నీ మీటర్లలో:

| చైనేజీ | 0 | 10 | 20 | 30 | 40 | 50 | 60 |
|---|---|---|---|---|---|---|---|
| ఆఫ్‌సెట్ | 12.4 | 14.8 | 17.5 | 18.2 | 16.9 | 13.6 | 9.8 |

ఏడు ఆఫ్‌సెట్లున్నాయి, వాటి మధ్య పట్టీలు ఆరు. ప్రతి పట్టీలో ఏటి అంచును సూటి గీతగా అనుకుంటే ఆ పట్టీ ఒక సమలంబ చతుర్భుజం. దాని రెండు సమాంతర భుజాలు ఆఫ్‌సెట్లు, వాటి మధ్య ఎడం 10 మీటర్లు. మొదటి పట్టీ వైశాల్యం (12.4 + 14.8) ÷ 2 × 10 = 136 చదరపు మీటర్లు. ఇలా ఆరూ కట్టి కూడితే అయిపోయినట్టే.

కానీ కూడేటప్పుడు ఒక సంగతి కనపడుతుంది. 14.8 మొదటి పట్టీలో సగం, రెండో పట్టీలో సగం, మొత్తానికి పూర్తిగా వస్తుంది. మధ్యవన్నీ అంతే. మొదటిదానికీ చివరిదానికీ ఒక్కో పట్టీతోనే సంబంధం కాబట్టి అవి సగమే వస్తాయి. అందుకే సమలంబ చతుర్భుజ నియమం ఇలా ఉంటుంది: చివరి రెండు ఆఫ్‌సెట్ల మొత్తంలో సగం, దానికి మధ్యవన్నీ కలిపి, ఎడంతో హెచ్చించాలి.

చివరివి: (12.4 + 9.8) ÷ 2 = 11.1
మధ్యవి: 14.8 + 17.5 + 18.2 + 16.9 + 13.6 = 81.0
మొత్తం: 92.1 × 10 = 921 చదరపు మీటర్లు

సెంటు 40.47 చదరపు మీటర్లు కాబట్టి ఇది 22.76 సెంట్లు. తెలంగాణ లెక్కలో కావాలంటే 2.5తో భాగించండి, గుంటల్లో వస్తుంది.

ఇక్కడ జారే కాలు ఎటు జారుతుందో చూడండి. చివరివాటిని సగం చేయడం మరిచి ఏడూ కూడితే 103.2, పదితో హెచ్చిస్తే 1,032. అంటే 111 చదరపు మీటర్లు, దాదాపు పావుతక్కువ మూడు సెంట్లు, గాలిలోంచి పుట్టుకొస్తాయి. ఏడింటి సగటు తీసి 60తో హెచ్చిస్తే 884.6 వస్తుంది, ఈసారి తక్కువ. ఆధార రేఖ చివరే ఏటి అంచును తాకితే అక్కడ ఆఫ్‌సెట్ సున్నా. సున్నాయే కదా అని పట్టికలో రాయకుండా వదిలేస్తే దాని పక్కనున్న పూర్తి ఆఫ్‌సెట్ చివరిదైపోయి సగమవుతుంది, ఒక పట్టీ మొత్తం లెక్కలోంచి జారిపోతుంది. సున్నానూ రాయండి.

పదేసి మీటర్ల మధ్య ఏం దాక్కుంది?

నియమం మేకుల దగ్గరే ఒడ్డును చూస్తుంది. మధ్యలో ఉన్నది దానికి కనపడదు. మన తోటలో 40, 50 మీటర్ల మేకుల మధ్య, 46 దగ్గర, వరద కోసిన గండి ఉంది. అక్కడ ఒడ్డు ఆధార రేఖకు 11.0 మీటర్ల దాకా వచ్చేసింది. ఆ పట్టీని మనం (16.9 + 13.6) ÷ 2 × 10 = 152.5 అని కట్టాం. గండి మొనను ఒక ఆఫ్‌సెట్‌గా తీసుకుంటే పట్టీ రెండవుతుంది:

40 నుంచి 46: (16.9 + 11.0) ÷ 2 × 6 = 83.7
46 నుంచి 50: (11.0 + 13.6) ÷ 2 × 4 = 49.2

కలిపితే 132.9. అంటే 19.6 చదరపు మీటర్లు, దాదాపు అర సెంటు, ఏరు ఎప్పుడో తినేసింది. సరిచేసిన వైశాల్యం 901.4 చదరపు మీటర్లు. ఎడాలు సమానంగా లేని పట్టీలకు పై సూత్రం పనికిరాదు, ఒక్కోటీ విడిగానే కట్టాలి. స్ప్రెడ్‌షీట్‌లో అయితే చైనేజీలు A2 నుంచి A9 వరకు, ఆఫ్‌సెట్లు B2 నుంచి B9 వరకు (46 వరసతో కలిపి ఎనిమిది) రాసి ఇది పెట్టండి, ఎడం ఎంతైనా పనిచేస్తుంది:

```
=SUMPRODUCT((A3:A9-A2:A8)*(B3:B9+B2:B8))/2
```

గండి లాంటి కోణం లేకుండా ఒడ్డు మెత్తగా వంగినచోట తాడు పరీక్ష చేయండి. పక్కపక్క ఆఫ్‌సెట్ల చివరలను ఒడ్డు మీద తాడుతో కలపండి. తాడు మధ్యలో ఒడ్డు ఎంత దూరం ఉందో కొలవండి. వదిలేసిన వైశాల్యం సుమారుగా ఆ దూరం × తాడు పొడవు × 2/3. పది మీటర్ల తాడుకు ఒడ్డు 25 సెంటీమీటర్లు ఏటి వైపు ఉబ్బి ఉంటే పట్టీకి 1.7 చదరపు మీటర్లు తక్కువ కట్టినట్టు. ఇలాంటివి మూడుంటే 5 చదరపు మీటర్లు. ఒడ్డు ఏటి వైపు ఉబ్బితే మన లెక్క తక్కువ, తోటవైపు లోపలికి వంగితే ఎక్కువ. ఈ తేడా మీకు లెక్కలోకి వచ్చేదైతే ఆ పట్టీలో మధ్యన ఇంకో ఆఫ్‌సెట్ తీయండి. ఎడాన్ని సగం చేస్తే ఈ తప్పు నాలుగో వంతుకు పడిపోతుంది. అన్నిచోట్లా దగ్గరదగ్గరగా తీయనక్కర్లేదు, వంపు ఉన్నచోట చాలు.

గట్టు వాలుగా ఉంటే

చాలామంది మరిచిపోయేది ఇదే. చివరి ఆఫ్‌సెట్ ఆధార రేఖకు లంబం. పక్క గట్టు మాత్రం లంబంగా ఉండాలని ఏమీ లేదు. రెండో చివర, అంటే ఆ దగ్గర, మన గట్టు బయటికి వాలి, ఒడ్డును చేరేసరికి చైనేజీ 63 (ఆధార రేఖను పొడిగించి చూస్తే), ఆఫ్‌సెట్ 9.0 అయింది. ఆఖరి ఆఫ్‌సెట్‌కూ గట్టుకూ మధ్య ఒక త్రిభుజం మిగిలిపోయింది. దాని భూమి 9.8, ఎత్తు 3, వైశాల్యం 14.7 చదరపు మీటర్లు. గట్టు బయటికి వాలింది కాబట్టి కలపాలి. లోపలికి వాలితే తీసేయాలి. అ దగ్గర గట్టు లంబంగానే ఉంది కాబట్టి అక్కడ ఏమీ లేదు.

ఏటి వైపు ముక్క: 901.4 + 14.7 = 916.1 చదరపు మీటర్లు, 22.64 సెంట్లు. దీనికి రోడ్డు వైపు చతుర్భుజాన్ని కలిపితే తోట మొత్తం.

అభ్యాసం

ఆధార రేఖ 40 మీటర్లు, రెండు చివరలూ ఒడ్డునే తాకుతున్నాయి. ఎనిమిదేసి మీటర్లకు ఆఫ్‌సెట్లు: 0, 3.2, 5.0, 4.4, 2.6, 0. (1) వైశాల్యం ఎంత? (2) తర్వాత చూస్తే 20 మీటర్ల దగ్గర ఒడ్డు 5.6 మీటర్ల దాకా పొడుచుకొచ్చి ఉంది. ఇప్పుడెంత?

జవాబులు: (1) 121.6 చదరపు మీటర్లు, 3.00 సెంట్లు. (2) 16 నుంచి 24 వరకున్న పట్టీ 37.6కు బదులు 41.2 అవుతుంది, మొత్తం 125.2 చదరపు మీటర్లు, 3.09 సెంట్లు. మీకు మొదటిదానికి 98.4 వస్తే రెండు సున్నాలనూ పట్టికలో రాయలేదన్నమాట.