అత్యవసర గర్భనిరోధం, 3వ పాఠం: టీబీ మందులు వాడుతుంటే మాత్రా, కాపర్-టీనా?

పోయిన పాఠంలో లెవోనార్జెస్ట్రెల్ మాత్ర గురించి చూశాం. 1.5 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి, 72 గంటల లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. ఈసారి ఆ మాత్రను నమ్ముకోకూడని మనిషి సంగతి.

రాయగడ దగ్గరి పల్లెలో ఒకామె అనుకోండి. ఊపిరితిత్తుల టీబీకి మూడో నెల మందులు వాడుతోంది. శనివారం రాత్రి పదింటికి కండోమ్ చిరిగింది. సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఆశా కార్యకర్త దగ్గరకు వచ్చి, "అక్కా, మాత్ర ఇవ్వవా?" అంది. ముందు లెక్క కట్టండి: 35 గంటలు గడిచాయి. గడువు దాటలేదు కదా అని మాత్ర చేతికి ఇచ్చేయకండి, ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి.

మొదటిది, నెలసరి ఎప్పుడు వచ్చింది? శనివారానికి పన్నెండో రోజు అంది. ఈ మాత్ర చేసే ముఖ్యమైన పని అండం విడుదలను వాయిదా వేయడం. విడుదలకు హార్మోను సంకేతం మొదలైపోయాక ఇది ఆపలేదు. ఆలస్యమయ్యేకొద్దీ మాత్ర బలం తగ్గేది అందుకే. ఈమెకు ఇవాళ పద్నాలుగో రోజు, అంటే అండం ఈపాటికే విడుదలై ఉండొచ్చు.

రెండోది, ఇంకేం మందులు వాడుతున్నావు? ఇది అడగడం చాలామంది మరిచిపోతారు, నాకు బాధ కలిగించేది అదే. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ కాలేయాన్ని చురుకుగా పనిచేయించి, మాత్రలోని హార్మోనును త్వరగా కరిగించేస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కూడా అంతే. ఆపేశాక 28 రోజుల దాకా ఆ ప్రభావం ఉంటుంది. కాబట్టి మాత్ర కోసం టీబీ మందు ఆపితే లాభం లేదు, పైగా జబ్బు ముదురుతుంది.

ఈమెకు కావలసింది కాపర్-టీ. రాగి వీర్యకణాలను పనికిరాకుండా చేస్తుంది. అది రక్తంలోని మందులతో సంబంధం లేని పని. కలిసినప్పటి నుంచి 5 రోజుల్లోపు, అంటే ఈమెకు గురువారం రాత్రి పదింటిలోపు పెట్టించాలి. అలా పెట్టిస్తే వందమందిలో ఒక్కరికి కూడా గర్భం రావడం అరుదు. ఆపైన ఏళ్ల తరబడి కుటుంబ నియంత్రణగానూ పనికొస్తుంది. కాబట్టి ఇవాళే కాపర్-టీ వేసే శిక్షణ ఉన్న నర్సు లేదా డాక్టరు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. రేపటికి వాయిదా వేయొద్దు. అక్కడ ఆమె టీబీ సంగతి తప్పకుండా చెప్పండి. టీబీ గర్భాశయానికి పాకినా, కటి భాగంలో ఇన్ఫెక్షన్ ఉన్నా కాపర్-టీ వేయరు.

వేయడం కుదరకపోతే, 72 గంటల లోపు, అంటే మంగళవారం రాత్రి పదింటిలోపు, రెండు మాత్రలు (3 మిల్లీగ్రాములు) ఒకేసారి వేసుకోవడం గురించి డాక్టరును అడగండి. కాపర్-టీ అంత భరోసా దానికి లేదు. ఏది వాడినా, మూడు వారాలు దాటాక నెలసరి రాకపోతే మూత్ర పరీక్ష చేయించాలి.