మోడరేషన్ నేర్చుకుందాం, 4వ పాఠం: మొదటి రోజు క్యూ

పోయిన పాఠంలో "రిపోర్టులు ఎక్కువ వచ్చినవి ముందు చూడండి" అని రాసి వదిలేశాను. చాలామంది దాన్నే పట్టుకుని, పది రిపోర్టులు దాటిన ప్రతి పోస్టునీ తీసేశారు. అలా రాయడం నా తప్పే. అందుకే ఈ వారం కొత్త విషయం జోలికి పోకుండా ఒక కథ చెప్తాను.

విజయనగరంలో ఒక ఊరి గ్రూపుకి మా మేనకోడలు కొత్తగా మోడరేటరైంది. మొదటి రోజు పొద్దున్న ఆరున్నరకి క్యూ తెరిస్తే 37 పోస్టులు. పక్కన టీ చల్లారిపోయింది. చెయ్యి మౌస్ మీదే ఉంది కానీ నొక్కడానికి ధైర్యం చాలడం లేదు. "మావయ్యా, మంచి పోస్టు తీసేస్తే ఎలా?" అని ఫోన్ చేసింది.

అన్నిటికన్నా పైనున్న పోస్టుకి 14 రిపోర్టులు. "సిరిమాను నాడు మా గుంట తప్పిపోయి, మూడు లాంతర్ల దగ్గర దొరికింది" అని ఒక తల్లి రాసింది. రిపోర్టులన్నిటిలో కారణం "అసభ్యం". అవి ఏ టైముకి వచ్చాయో చూడమన్నాను. రాత్రి 9:10 నుంచి 9:16 లోపు అన్నీ వచ్చేశాయి. 9:08కి వేరే జిల్లా ఆయనొకరు "కన్నకూతుర్ని గుంట అంటారా, రిపోర్ట్ కొట్టండి" అని కామెంట్ పెట్టారు. మన వైపు గుంట అంటే ఆడపిల్ల అని ఆయనకి తెలియదు. మా మేనకోడలు ఆ పోస్టు ఉంచేసింది.

రిపోర్టుల సంఖ్య ఎంతమందికి కోపం వచ్చిందో చెప్తుంది, ఎంత హాని జరుగుతోందో చెప్పదు. కొద్ది నిమిషాల్లో ఒకే కారణంతో రిపోర్టులు కుప్పగా పడ్డాయంటే, ఎవరో పిలిచి రిపోర్టులు కొట్టించారేమో ముందు కామెంట్లలో వెతకండి.

క్యూలో 31వ పోస్టుకి ఒక్కటే రిపోర్టు. "ఈ అమ్మాయి అప్పు ఎగ్గొట్టింది" అంటూ ఆమె ఫోన్ నంబరు, ఇంటి డోర్ నంబరు పెట్టేశారు. కింద ఒకడు "ఇప్పుడే కాల్ చేశా" అని రాశాడు. పైనుంచి వరసగా చూస్తే దీని దగ్గరికొచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది. నేనైతే క్యూని ముందు కారణాల వారీగా విడదీసి, వ్యక్తిగత వివరాలు, బెదిరింపులు ఉన్నవే మొదట తెరుస్తాను. సంఖ్య తర్వాత చూస్తాను.

మా మేనకోడలు డిలీట్ నొక్కబోతే ఆపాను. రేపు ఆ అమ్మాయి పోలీసుల దగ్గరికి వెళ్తే పోస్టు, టైము, పెట్టిన ఖాతా కావాలి. ముందు స్క్రీన్‌షాట్ తీయించి, తర్వాత ఎవరికీ కనబడకుండా హైడ్ చేయించాను. నంబరులోని చివరి నాలుగు అంకెలు కొట్టి గ్రూపంతా వెతికితే, ఇంకో రెండు కామెంట్లలో అదే నంబరు దొరికింది. అవీ హైడ్ చేశాక గానీ ఆ పని పూర్తి కాలేదు.

అభ్యాసం: మీ క్యూలో ఒక్క రిపోర్టు మాత్రమే ఉన్న పోస్టులు 20 తీసుకోండి. ఒక్కోదాన్నీ కామెంట్లతో సహా చదివి, ఉంచడానికో హైడ్ చెయ్యడానికో కారణం ఒక వాక్యంలో రాయండి. "బాగోలేదు" అన్నది కారణం కింద లెక్కకి రాదు.