రెండు దారుల మధ్య ట్రాఫిక్ ఎలా పంచుకుంటుందో లెక్క కట్టడం ఎలా?

నల్గొండ నుంచి చౌటుప్పల్ పోవడానికి మునుగోడు మీదుగా ఒక దారి ఉంది, నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి చిట్యాల మీదుగా పోయేది ఇంకొకటి. గంటకు 1500 బండ్లు బయల్దేరితే ఏ దారిలో ఎన్ని పోతాయి? సగం సగం అనుకోవద్దు. సమానం కావాల్సింది బండ్ల సంఖ్య కాదు, ప్రయాణ సమయం. ఎందుకంటే పక్క దారిలో తొందరగా చేరొచ్చని తెలిస్తే కొందరు అటు మళ్లుతారు, మళ్లినకొద్దీ అక్కడా రద్దీ పెరుగుతుంది, చివరికి దారి మార్చినా ఎవరికీ ఒక్క నిమిషం కలిసిరాని స్థితి వస్తుంది. 1952లో ట్రాఫిక్ పరిశోధకుడు వార్‌డ్రాప్ చెప్పిన మొదటి సూత్రం ఇదే.

ముందు ఒక్కో దారికి సమయం ఫార్ములా రాసుకోండి. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవి, కొలిచినవి కావు. గంటకు మునుగోడు దారిలో పోయే బండ్లు x1, హైవేలో పోయేవి x2, వాటికి పట్టే సమయం నిమిషాల్లో t1, t2:

```
t1 = 35 + 0.02 x1
t2 = 45 + 0.005 x2
x1 + x2 = 1500
```

35, 45 అనేవి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు పట్టే సమయం. మునుగోడు దారి మొదట్లో తొందరగా చేరుస్తుంది కానీ బండ్లు పెరిగితే త్వరగా ఇరుకైపోతుంది, హైవే అంత తేలిగ్గా నిండదు.

ఇప్పుడు t1 = t2 అని పెట్టి, x2 స్థానంలో 1500 - x1 రాయండి. 0.025 x1 = 17.5 వస్తుంది, అంటే x1 = 700, x2 = 800. రెండు ఫార్ములాల్లోనూ వేసి చూస్తే 49 నిమిషాలే. ఇక్కడ తేడా వస్తే ఎక్కడో కూడిక తప్పింది.

ఎక్కువ మంది తప్పు చేసేది బండ్లు తక్కువున్నప్పుడు. 400 బండ్లే అనుకోండి, అదే పద్ధతిలో x1 = 480 వస్తుంది, x2 మైనస్ 80! మైనస్ బండ్లు ఉండవు కదా. అలా వస్తే x2 = 0 పెట్టి, మొత్తం 400 మునుగోడు దారిలోనే వేయండి: అక్కడ 43 నిమిషాలు, ఖాళీ హైవేకి 45. సమయాలు సమానం కాలేదని టెన్షన్ వద్దు, సమానం కావాల్సింది వాడుతున్న దారుల్లోనే. వాడని దారికి అంతకంటే తక్కువ పట్టకపోతే చాలు. ఈ ఉదాహరణలో 500 బండ్లు దాటాకే హైవేకి పని పడుతుంది.

ఇంకో మాట, 49 నిమిషాల పంపకమే ఊరందరికీ మేలైనది అనుకోకండి. 500 బండ్లు మునుగోడు మీదుగా, 1000 హైవే మీదుగా పంపితే ఒకరికి 45, మరొకరికి 50 నిమిషాలు పడతాయి, అందరివీ కలిపితే 73,500 నిమిషాలు కాస్తా 72,500 అవుతాయి. కానీ 50 నిమిషాల వాళ్లు ఊరుకోరు, 45 ఉన్న దారికే మళ్లుతారు, అందుకే ఎవరూ ఆపకపోతే అది నిలవదు.

నిజం రోడ్లకు సరళ రేఖ సరిపోదు, t = t0(1 + 0.15(x/c)^4) లాంటిది వాడతారు (t0 అంటే ఖాళీ రోడ్డుపై పట్టే సమయం, c అంటే రోడ్డు సామర్థ్యం). దీన్ని చేత్తో సాధించడం కష్టం. x1కి ఒక విలువ వేసి, t1 ఎక్కువొస్తే తగ్గించండి, తక్కువొస్తే పెంచండి, ప్రతిసారీ మిగిలిన పరిధిలో సగం దగ్గర చూడండి, తేడా అర నిమిషం లోపుకు వచ్చేదాకా.